పదేళ్ల టైపింగ్, అదే వేగం: ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద పట్టి చేసే సాధన ఎలా ఉండాలి

తెలుగు టైపింగ్‌లో ఒక చిత్రం కనిపిస్తుంది. నేర్చుకున్న మొదటి ఆరు నెలల్లో వేగం చకచకా పెరుగుతుంది. తర్వాత ఒక చోట ఆగి, మరో పదేళ్లు గడిచినా అక్కడే ఉంటుంది. రోజూ ఐదారు గంటలు కీబోర్డు మీదే ఉండే డీటీపీ ఆపరేటర్ చేతులకు కోట్ల కొద్దీ కీలు అలవాటై ఉంటాయి. అయినా పదేళ్ల కిందటి వేగానికీ ఇవాళ్టి వేగానికీ తేడా నిమిషానికి రెండు మూడు మాటలకు మించదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు 1897లోనూ 1899లోనూ టెలిగ్రాఫ్ ఆపరేటర్ల మీద చేసిన పరిశీలనలు ప్రచురించారు. అభ్యాసం సాగుతున్నా వేగం మాత్రం కదలని దశలు వాళ్లకు కనిపించాయి. అలా ఎందుకు ఆగుతుందో టైపింగ్‌లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పనికి సరిపడేంత వేగం రాగానే మనసు చేతుల్ని వదిలేస్తుంది. వేళ్లు వాటంతట అవి కదులుతుంటాయి, మనం మ్యాటర్ గురించో మధ్యాహ్నం భోజనం గురించో ఆలోచిస్తుంటాం. ఆ క్షణంలో వేళ్ల దగ్గర ఏ పద్ధతి ఉందో అదే గట్టిపడిపోతుంది, అందులోని తప్పుతో సహా. తర్వాతి పదేళ్లు చేసేది ఆ పద్ధతికి వల్లెవేత.

కె. ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనాన్ని 1993లో ప్రచురించింది. వాయించిన గంటలన్నిటినీ వాళ్లు ఒకే లెక్కలో వేయలేదు. ఒక లోపాన్ని ఎంచుకుని, దాన్ని సరిదిద్దడానికే కూర్చున్న సాధనను విడిగా చూశారు. ఈ వ్యాసంలో ఆ రెండో రకాన్ని ‘పట్టి చేసే సాధన’ అందాం. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద దాన్ని ఎలా చేయాలో వరుసగా చూద్దాం. మీరు వాడేది వేరే లేఅవుట్ అయితే ఇక్కడి మాటలు పనికిరావు గానీ, దారి పనికొస్తుంది.

మొదట: కొలత

ఎన్నడూ టైప్ చేయని మ్యాటర్ తీసుకోండి. దినపత్రిక సంపాదకీయం బాగుంటుంది. అలవాటైన పేజీ వద్దు, ఎందుకంటే అది జ్ఞాపకాన్ని కొలుస్తుంది. ఐదు నిమిషాలు టైమర్ పెట్టి మామూలుగా పని చేసే వేగంతోనే కొట్టండి. తర్వాత కీల సంఖ్య లెక్కించాలి. యూనికోడ్‌లో క ఒకటి, దాని దీర్ఘం ఒకటి, పొల్లు ఒకటి, ఖాళీ ఒకటిగా లెక్కకు వస్తాయి. కాబట్టి ఖాళీలతో కలిపి అక్షరాల సంఖ్య చూపించే వర్డ్ కౌంట్ దాదాపు కీల సంఖ్యే ఇస్తుంది. ఐదు కీలు ఒక మాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్షలో ఇంగ్లీషుకు నిమిషానికి 35 మాటలన్నా, గంటకు 10,500 కీలన్నా ఒకటే అయ్యేది ఈ లెక్కతోనే.

ఈ పరీక్షలో బ్యాక్‌స్పేస్ ఎన్నిసార్లు వాడవలసి వచ్చిందో కూడా తెలియాలి. దానికి ఫోన్‌తో స్క్రీన్‌నూ చేతుల్నీ కలిపి వీడియో తీసుకోవడం తేలిక. ఆ వీడియో తర్వాత కూడా అవసరమవుతుంది, చెరిపేయకండి.

తర్వాత: వేగం ఎక్కడ చచ్చిపోతోందో వెతకడం

ఇన్‌స్క్రిప్ట్ గురించి అందరూ చెప్పే మంచి మాట, హల్లులు కుడి చేతికి, గుణింతాలు ఎడమ చేతికి అని. చాలావరకు నిజమే. ‘కాలు’ కొట్టి చూడండి: `k` `e` `n` `g`. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక చెయ్యి కొడుతుండగా రెండోది సిద్ధమవుతుంది. కానీ మ, న, వ మూడూ కింది వరుసలో ఎడమ చేతి వైపున్న `c` `v` `b` మీద ఉన్నాయి. తెలుగులో ఈ మూడు లేని వాక్యం దొరకడం కష్టం.

‘నీవు’ చూడండి: `v` `r` `b` `g`. నాలుగూ ఎడమ చూపుడువేలివే. కింది వరుస, పై వరుస, మళ్లీ కింది వరుస, మధ్య వరుస. ‘నువ్వు’లో ఆరు కీలుంటే అయిదు అదే వేలివి, పొల్లు ఒక్కటే మధ్యవేలిది. ఇక ‘అమ్మ’: షిఫ్ట్‌తో `d`, తర్వాత `c`, `d`, `c`. మాట మొత్తం ఎడమ మధ్యవేలి మీదే పడుతుంది. ‘మా’ కూడా `c` నుంచి `e`కి అదే వేలు ఎగరాలి. ఒకే వేలు ఒక కీ వదిలి మరో కీకి వెళ్లేసరికి పట్టే సమయాన్ని రెండో చెయ్యి పంచుకోలేదు. వేగంగా కొట్టేవాళ్లు కూడా ఇక్కడ నెమ్మదిస్తారు. అయితే ఎంత నెమ్మదిస్తారన్నది మనిషిని బట్టి మారుతుంది, సాధనకు చోటు అక్కడే ఉంది.

మీకు ఎంత నష్టమవుతోందో తెలుసుకోవడానికి కీల సంఖ్య సమానంగా ఉన్న జతలు కావాలి. కాలు–నీవు ఒక జత, ఖాళీతో కలిపి చెరి ఐదు కీలు. తాత–మామ ఇంకో జత, చెరి నాలుగు కీలు (`l` `e` `l`, `c` `e` `c`). ఒక్కో మాటను పదిసార్లు కొట్టి స్టాప్‌వాచ్‌లో సెకన్లు రాసుకోండి. ఒక్కోదానికి మూడు ప్రయత్నాలు చేసి, మధ్యలోది తీసుకోండి. తాతకూ మామకూ మధ్య తేడాయే మీ మధ్యవేలి నష్టం. కాలుకూ నీవుకూ మధ్యది చూపుడువేలిది.

ఒక లెక్క పూర్తిగా

అంకెలు ఊహించుకుని ఒక ఆపరేటర్ విషయం చూద్దాం. ఐదు నిమిషాల్లో 900 కీలు కొట్టారు, అంటే నిమిషానికి 180 కీలు, 36 మాటలు. దిద్దిన తప్పులు 12. జతల పరీక్షలో కాలు 11 సెకన్లు, నీవు 19. తాత 9, మామ 13.

నీవు దగ్గర ఎనిమిది సెకన్ల తేడా చూడగానే చాలామంది దాని మీదకు దూకుతారు. ముందు వీడియో చూడాలి. ఒక్కో తప్పుకు పట్టిన సమయం కొలిస్తే, తప్పు గమనించడం, వెనక్కి చెరపడం, మళ్లీ కొట్టడం అంతా కలిపి నాలుగు సెకన్లు అనుకుందాం. తెలుగులో ఇది ఇంగ్లీషు కన్నా ఖరీదు. బ్యాక్‌స్పేస్ సాధారణంగా ఒక్కో గుర్తును విడిగా చెరుపుతుంది. ‘న్ను’లో మొదటి న తప్పని తెలిస్తే కొమ్ము, న, పొల్లు, న అని నాలుగుసార్లు నొక్కాలి. పన్నెండు తప్పులకు 48 సెకన్లు, అంటే ఐదు నిమిషాల్లో దాదాపు ఆరో వంతు.

ఇప్పుడు న, వలకు కొమ్ము, గుడి తగిలిన చోట్లు, మకు దీర్ఘమో పొల్లో తగిలిన చోట్లు ఆ మ్యాటర్‌లో 60 ఉన్నాయనుకుందాం. ఒక్కో చోట అదనంగా పావు సెకను చొప్పున మొత్తం 15 సెకన్లే. అంటే ఈయన అసలు నష్టం వేళ్ల నెమ్మదితనం కాదు, తప్పులు. అయితే ఆ పన్నెండు తప్పుల్లో ఏడు ఈ చోట్లలోనే పడ్డాయనుకోండి, అప్పుడు కథ మారుతుంది. ఏడు నాలుగుల ఇరవై ఎనిమిదికి ఆ 15 కలిపితే 43 సెకన్లు. అది మొత్తం మిగిలితే అదే 900 కీలు 257 సెకన్లలో పూర్తవుతాయి, అంటే నిమిషానికి 42 మాటలు. అంతా మిగలదు, సగం మిగిలినా 39 దగ్గరకు వస్తుంది. పదేళ్లుగా కదలనివాడికి అది చిన్న లాభం కాదు.

ఇలా లెక్క వేయకుండా ‘రోజూ ఇంకో గంట ఎక్కువ కొడతాను’ అనుకోవడమే వల్లెవేత. గంట కొడితే అందులో యాభై నిమిషాలు మీకు ముందే బాగా వచ్చిన కీల మీదకే పోతాయి.

సాధన: రోజుకు అరగంట

ఒక్క వేలి సమస్యనే తీసుకోండి. పై ఉదాహరణలో అది చూపుడువేలు. మ సంగతి ఇది తేలాకే.

మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా కొట్టాలి, ఎంత నెమ్మదిగా అంటే ఒక్క తప్పు కూడా పడనంత. మెట్రోనోమ్ యాప్‌ను నిమిషానికి 100 దెబ్బలకు పెట్టి, దెబ్బకొక కీ చొప్పున నీవు, విను, నవ్వు, నువ్వు, నిన్ను, పువ్వు అని కలగలిపి కొట్టండి. ఒకే మాటను వరసగా వంద సార్లు కొట్టకండి. పదో సారికల్లా వేళ్లు ఆ మాటను ఒక లయలా పట్టేస్తాయి. అది ఆ వరసలో మాత్రమే వేగంగా వస్తుంది, వాక్యం మధ్యలో మళ్లీ తడబడుతుంది. జతల పరీక్షలో పదిసార్లు కొట్టేది కొలవడానికి, నేర్చుకోవడానికి కాదు.

తర్వాత పది నిమిషాలు మెట్రోనోమ్‌ను ఐదైదు దెబ్బలు పెంచుకుంటూ వెళ్లండి. ఈ భాగంలో బ్యాక్‌స్పేస్ నిషేధం. తప్పు పడితే తెర మీద ఉండనివ్వండి. చివర్లో ఎన్ని పడ్డాయి, ఏ కీ బదులు ఏది పడింది అన్నది రాసుకోవాలి. `b` బదులు ఎప్పుడూ `v` పడుతుంటే చెయ్యి కుడికి చాలినంత జరగడం లేదు. `g` బదులు `f` పడుతుంటే వేలు హోమ్ స్థానం నుంచి చాచకుండానే దిగిపోతోంది. దిద్దుబాటు ఈ స్థాయిలో ఉండాలి. ‘జాగ్రత్తగా కొట్టాలి’ అని రాసుకున్న నోటుబుక్కు వల్ల ఏమీ జరగదు.

ఆ తర్వాత ఎనిమిది నిమిషాలు హాయిగా వచ్చే వేగం కన్నా పది నుంచి ఇరవై శాతం ఎక్కువ. టైపింగ్ విషయంలో ఎరిక్సన్ నొక్కి చెప్పింది ఇదే. మామూలు వేగంలో లోపాలు కనబడవు, కాస్త ఎక్కువ తరిమితేనే ఏ కీల దగ్గర చెయ్యి తడబడుతుందో బయటపడుతుంది. నిమిషానికి 180 కీలు కొట్టేవాళ్లు 200కు పెట్టుకుంటే చాలు. మెట్రోనోమ్‌లో 100 దెబ్బలు, దెబ్బకు రెండు కీలు. ఇక్కడ తప్పులు పడతాయి, పడాలి కూడా. వాటిలో రేపటి సాధనకు మాటలు దొరుకుతాయి. అయితే ఈ భాగాన్ని ఎనిమిది నిమిషాలకు మించి సాగదీయకండి. ఎక్కువ సేపు తప్పులతో కొడితే తప్పులే అలవాటవుతాయి.

చివరి ఏడు నిమిషాలు మళ్లీ వాక్యాలు. ‘నిన్న నువ్వు నన్ను చూసి నవ్వావు’ వంటివి రాసుకుని మొదలుపెట్టి, తర్వాత పత్రిక మ్యాటర్‌కు మారండి. ఈ భాగం లేకపోతే డ్రిల్‌లో వచ్చిన వేగం పనిలోకి రాదు.

అరగంటలో మూడో భాగానికి వచ్చేసరికి తప్పులు నిన్నటి కన్నా పెరుగుతున్నాయంటే అలసట. ఆ రోజుకు ఆపేయండి. మణికట్టులో గానీ ముంజేతిలో గానీ నొప్పి వస్తే ఆ ఒక్క రోజే కాదు, తగ్గేదాకా ఆపాలి.

సాధనతో తగ్గనిది ఉంటే: పద్ధతి మార్చడం

రెండు వారాలు ఇలా చేశాక కాలు–నీవు తేడా ఎనిమిది సెకన్ల నుంచి నాలుగైదుకు రావాలి. రాకపోతే ఇంకా కొట్టడం వల్ల వచ్చేది తక్కువ. వీడియోను నెమ్మదిగా ఆడించి చూడండి. కింది వరుసకు వెళ్లేటప్పుడు చెయ్యి మొత్తం లేస్తోందా, వేలు మాత్రమే కదులుతోందా? చెయ్యి లేస్తుంటే కీబోర్డు ఎత్తు ఎక్కువ, లేదా కుర్చీ తక్కువ. మోచెయ్యి కీబోర్డు ఎత్తుకు వచ్చేలా సర్దాకే మళ్లీ డ్రిల్.

అదీ సరిగ్గానే ఉంటే వేలినే మార్చవచ్చు. ఇన్‌స్టిట్యూట్‌లో `b`ని ఎడమ చూపుడువేలితో కొట్టమని నేర్పుతారు. కానీ ఆ కీ కీబోర్డు నడుమన ఉంటుంది, కుడి చూపుడువేలికి అంతే దగ్గర. వ కుడి చేతికి ఇస్తే ‘నీవు’లో ఒక్క వేలి పరుగు మధ్యలో విరుగుతుంది. ‘నువ్వు’లో చివరి నాలుగు కీలు కుడి, ఎడమ, కుడి, ఎడమ అవుతాయి. ‘విలువ’ అయితే మొదటి నుంచి చివరి దాకా చేతులు మారుతూనే సాగుతుంది.

నష్టం కూడా ఉంది. ల కూడా కుడి చూపుడువేలిదే కాబట్టి ‘వలన’, ‘వలె’ వంటి మాటల్లో `b` `n` రెండూ ఒకే వేలి మీద పడతాయి. మా అంచనాలో ను, వు, వి, నీల రద్దీ ముందు ఇది తక్కువ నష్టం. మీ మ్యాటర్‌తో మీరే ఒక పేజీ లెక్కించి చూసుకోవడం మేలు. మ విషయంలో మాత్రం వేలు మార్చకండి. `c`ని చూపుడువేలికి ఇస్తే ‘మా’ తేలికవుతుంది గానీ ‘మన’, ‘ము’, ‘మి’ అన్నీ ఒకే వేలి మీద కుప్పపడతాయి. దానికి ‘మా అమ్మమ్మ మామిడికాయ మాగాయ పెట్టింది’ వంటి వాక్యాలతో డ్రిల్ ఒక్కటే దారి.

వేలు మార్చిన మొదటి రోజుల్లో వేగం కచ్చితంగా పడిపోతుంది. ఇదివరకు 36 కొట్టేవాళ్లు 30కి దిగితే కంగారు పడకూడదు. అనుభవజ్ఞులు ఈ మెట్టు దిగడానికి ఇష్టపడక పాత పద్ధతిలోనే మిగిలిపోతారు. సాధనలో కొత్త వేలు, ఆఫీసు పనిలో పాత వేలు అని రెండు పడవల మీద కాళ్లు పెడితే రెండూ పాడవుతాయి. అందుకే పని తక్కువున్న రోజులు చూసుకుని మొదలుపెట్టండి. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు వరదలా వచ్చిపడుతున్నప్పుడు కాదు. పూర్తిగా మారేదాకా రోజులో మొదటి పనిగా వచ్చిన మ్యాటర్‌ను కొత్త వేలితోనే, మెల్లగానైనా కొట్టండి.

వేళ్లు బాగుపడ్డాక: కళ్లు

వేగం మళ్లీ ఆగితే ఈసారి కారణం చేతుల్లో ఉండకపోవచ్చు. టిమతీ సాల్ట్‌హౌస్ 1984లో టైపిస్టుల మీద చేసిన పరిశోధనలో, రాబోయే అక్షరాలు ముందుగా కనబడకుండా చేస్తే నేర్పరుల వేగం బాగా పడిపోయింది. వయసు పైబడిన టైపిస్టులు వేళ్ల చురుకు తగ్గినా, ఇంకాస్త ముందుకు చూస్తూ వేగాన్ని కాపాడుకుంటున్నారని కూడా గమనించారు. చెయ్యి ఒక చోట ఉంటే కన్ను దానికన్నా కొన్ని అక్షరాలు ముందుంటుంది.

దీన్ని పరీక్షించుకోవడం సులువు. కొడుతుండగా ఎవరినైనా హఠాత్తుగా మ్యాటర్ కాగితం లాగేయమనండి. ఆ తర్వాత చూడకుండా ఎన్ని అక్షరాలు సరిగ్గా కొట్టగలిగారో దాన్ని బట్టి మీ చూపు ఎంత ముందుందో అంచనా వేయవచ్చు. మాట మధ్యలోనే ఆగిపోతే కన్ను, వేలు ఒకే చోట ఉన్నాయన్నమాట. దానికి సాధన: చిన్న అట్టముక్క తీసుకుని, కొడుతున్న మాటను ఎవరైనా కప్పేస్తూ పోవాలి. లేదా మీరే ఒక మాట చదివి, చూపు తర్వాతి మాట మీదకు జరిపాకే మొదటిది కొట్టడం మొదలుపెట్టాలి. తెలుగులో మాటలు పొడుగు కాబట్టి పూర్తి మాట ముందుండటం మొదట్లో కష్టం. ‘చేయవలసివచ్చినందువల్ల’ వంటిదాన్ని చేయవలసి, వచ్చి, నందు, వల్ల అని ముక్కలుగా పట్టుకోండి. రోజుకు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల్లో వేగం గురించి పట్టించుకోకండి.

ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

టైపింగ్‌లో ఈ పద్ధతి బాగా పట్టడానికి కారణం, తప్పు క్షణంలో తెలిసిపోతుంది, లెక్కకు అందుతుంది. చాలా వృత్తుల్లో అలా ఉండదు. 2005లో ఒక వైద్య పత్రికలో వచ్చిన సమీక్షలో, అనుభవానికీ చికిత్స నాణ్యతకూ సంబంధాన్ని చూసిన 62 పరిశీలనల్ని కలిపి చూశారు. సగానికి పైగా వాటిలో ఏళ్లు పెరిగేకొద్దీ పనితీరు తగ్గుతున్నట్టు తేలింది. ఇచ్చిన మందు సరైనదో కాదో ఆ రోగి తిరిగి వస్తే గానీ తెలియకపోవడం, ఒక్కోసారి అసలు రాకపోవడం అందులో ఒక కారణమై ఉండాలి.

సాధన ఒక్కటే అన్నిటినీ తేల్చదు కూడా. 2014లో బ్రూక్ మాక్నమారా బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేస్తే, మనుషుల మధ్య తేడాల్లో సాధనతో వివరించగలిగినది చదరంగం వంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21, క్రీడల్లో 18 అని వచ్చింది. వృత్తుల్లో ఒక శాతం కన్నా తక్కువ. అందులో కలిపిన వాటిలో చాలావరకు పట్టి చేసిన సాధన కాదని ఎరిక్సన్ వాదించారు. ఆ వాదన ఇంకా తెగలేదు. మీ వరకు అయితే పక్క సీటులోవారి 60 మాటలతో పోల్చుకోవడం అనవసరం, పోయిన నెల మీ సొంత అంకెతో పోల్చుకోండి.

ఎలా నడిపించాలి

వారానికి ఒక్కసారే ఐదు నిమిషాల పరీక్ష, ఎప్పుడూ కొత్త మ్యాటర్‌తో, ఒకే వేళకు. నోటుబుక్కులో ఐదు గళ్లు చాలు: తేదీ, కీలు, తప్పులు, రెండు జతల తేడా. రోజూ పరీక్ష పెట్టుకుంటే ఒక రోజు మ్యాటర్ తేలిక, ఒక రోజు కష్టం అయ్యి అంకెలు పైకీ కిందికీ ఊగుతాయి. ఆ ఊగిసలాటను చూసి అనవసరంగా పద్ధతి మారుస్తాం.

మూడు వారాల అంకెలు వరసగా చూసి నిర్ణయించండి. జత తేడా మూడు సెకన్లకు లోపలికి వచ్చేస్తే ఆ వేలిని వదిలి రెండోదానికి మారండి. తేడా తగ్గి, మొత్తం వేగం పెరగకపోతే సాధన చివరి ఏడు నిమిషాల వాక్యాలు తక్కువయ్యాయి. వేగం పెరిగి తప్పులూ పెరిగితే తరిమే భాగాన్ని ఎనిమిది నుంచి నాలుగు నిమిషాలకు కుదించండి. కొత్త కీబోర్డు కొన్నా, ల్యాప్‌టాప్‌కు మారినా జతల పరీక్ష మళ్లీ చేయాలి. కీల లోతు మారితే ముందుగా దెబ్బతినేవి ఆ కింది వరుస మూడు కీలే.